బౌల్లో మిగిలిన రంగు ఎవరి ఖాతాలో రాయాలి?

(విజయవాడలో బ్యూటీ పార్లర్లు, సెలూన్లు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగం. చివర సభలోంచి వచ్చిన రెండు ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం.

నేను కొన్ని సెలూన్లకు స్టాక్ లెక్కలు చూస్తుంటాను. కత్తెర పట్టడం నాకు రాదు. కాబట్టి జుట్టు గురించి మీకు చెప్పేదేమీ లేదు, తూకం గురించే మాట్లాడతాను. మీలో చాలామంది దగ్గర స్టాక్ పుస్తకం ఉంటుంది. నెల మొదట ఎన్ని ట్యూబులు, నెలాఖరుకు ఎన్ని ట్యూబులు, మధ్యలో డీలర్ ఎన్ని వేశాడు. ఈ మూడూ చూసి ‘ఈ నెల కలర్ ఎక్కువైంది’ అనుకుంటారు. ఎందుకు ఎక్కువైందో ఆ పుస్తకం చెప్పదు. కస్టమర్లు పెరిగారా, కలిపే అమ్మాయి చెయ్యి పెద్దదా, ఎవరైనా ట్యూబు ఇంటికి పట్టుకెళ్లారా? మూడింటికీ పుస్తకంలో కనిపించే అంకె ఒకటే. ఇక అనుమానం ఎవరో ఒకరి మీద పడుతుంది. అదీ ఎప్పుడూ కొత్తగా చేరిన అమ్మాయి మీదే పడుతుంది.

ట్యూబుల్లో లెక్క రాస్తున్నంతకాలం ఇది ఇంతే. వాడేది గ్రాముల్లో, రాసేది ట్యూబుల్లో అయితే లెక్క ఎక్కడా కలవదు. పైగా ట్యూబులన్నీ ఒకే సైజు కావు. ఒక కంపెనీది 60 గ్రాములు, ఇంకొకదానిది 50కి దగ్గర, మరొకటి 90. అందుకని షీట్‌లో మొదటి నియమం: కలర్ ఏదైనా సరే గ్రాముల్లోనే ఉండాలి. కొన్నప్పుడు ట్యూబుల్ని గ్రాములుగా మార్చి ఎక్కించాలి. షేడ్ నంబరుకు ఒక వరుస ఉండాలి. ‘బ్రౌన్’ అని ఒకే వరుస రాసి 3, 4, 5 నంబర్లన్నీ అందులో కలిపేస్తే ఏది అయిపోతోందో, ఏది మూల పడి ఉందో తెలియదు.

దీనికి కావలసిన సామాను పెద్దదేం కాదు. వంటింట్లో వాడే డిజిటల్ కాటా ఒకటి, ఒక గ్రాము వరకు చూపించేది. దాని మీద ఖాళీ బౌల్ పెట్టి, సున్నా చేసే బటన్ నొక్కి, అప్పుడు కలర్ పిండాలి. బ్యాటరీ తగ్గితే కాటా తప్పు చూపిస్తుంది కాబట్టి వారానికోసారి పది రూపాయల నాణేలు పది పెట్టి చూడండి. ఒక్కోటి 7.7 గ్రాములు. పదీ కలిపి 77 దగ్గర చూపిస్తే కాటా బాగున్నట్టు.

ఇక రాయడం ఎలాగన్నది. చేతికి కలర్ గ్లౌజులుంటాయి, ఆ చేత్తో ఫోన్ ముట్టుకోలేరు. యాప్‌లో వెంటనే ఎక్కించాలని పెట్టిన సెలూన్లు నేను చూశాను. మొదటి వారం ఎక్కించారు, తర్వాత సాయంత్రం అందరూ గుర్తున్నంత గుర్తుచేసుకుని ఎక్కించారు. గుర్తు మీద రాసినవన్నీ 30, 40, 60 అని సున్నాతో ముగుస్తాయి. షీట్‌లో వరుసగా సున్నాలే కనిపిస్తే కాటా వాడటం లేదని మీకు అర్థమైపోవాలి. నిజంగా తూస్తే 37 వస్తుంది, 43 వస్తుంది. అందుకని కాటా పక్కనే గోడకు ఒక ప్యాడు, దారంతో కట్టిన పెన్ను పెట్టండి. కలిపిన మనిషే అక్కడే రాయాలి. కంప్యూటర్లోకి రాత్రి ఒకరు ఎక్కిస్తే చాలు.

ఆ ప్యాడు మీద ఏం రాయాలి? తేదీ, కస్టమర్ నంబరు, ఏం పని, ఏ షేడ్, ఎన్ని గ్రాములు తీశారు, ఎవరు కలిపారు. ఇవి ఎవరైనా రాస్తారు. చాలామంది రాయనిది ఇంకొకటి ఉంది. పని అయ్యాక బౌల్లో ఎంత మిగిలింది? ఇవాళ నేను ముఖ్యంగా చెప్పదలుచుకున్నది ఈ గడి గురించే.

ఒక రూట్ టచప్ తీసుకుందాం. కస్టమర్‌కు ఒక అంగుళం తెల్ల వేర్లు వచ్చాయి. షేడ్ 4, డెవలపర్ 20 వాల్యూమ్, అంటే 6 శాతం. ఆ కంపెనీ వాళ్లు ఒకటికి ఒకటిన్నర కలపమన్నారు. మీ అమ్మాయి 40 గ్రాముల కలర్, 60 గ్రాముల డెవలపర్ కలిపింది. మొత్తం 100. పని అయ్యాక బౌల్ మళ్లీ కాటా మీద పెడితే ఖాళీ బౌల్ బరువు తీసేయగా 22 గ్రాములు మిగిలింది. అంటే ఆ తలకు పట్టింది 78 గ్రాములే. మిగిలిన 22లో కలర్ ఎంత? వందలో 40 కలర్ కదా, 22లో దాదాపు 9 గ్రాములు. ఆ మనిషి కార్డులో ‘షేడ్ 4, పట్టింది 78’ అని రాసి పెడితే, వచ్చే నెల ఆవిడ వచ్చినప్పుడు 32 కలర్, 48 డెవలపర్ కలుపుతారు. మొత్తం 80. సరిపోతుంది.

మిగిలింది దాచుకోవచ్చు కదా అని కొందరంటారు. కుదరదు. డెవలపర్ కలిసిన క్షణం నుంచి రంగు లోపల పని మొదలవుతుంది. అరగంటో ముప్పావు గంటో దాటితే దాని శక్తి అయిపోతుంది. తెల్ల వెంట్రుక మీద పట్టదు, పట్టినా నిలవదు. మూత గట్టిగా పెట్టి డబ్బాలో దాచడం మరీ ప్రమాదం. లోపల గ్యాస్ పుడుతుంది, డబ్బా ఉబ్బి పగలొచ్చు కూడా. కాబట్టి కలిపిందంతా ఆ కస్టమర్ ఖాతాలోదే. తలకు పట్టినా, సింకులో పోయినా ఆవిడ బిల్లులోంచే రావాలి.

కొత్త కస్టమర్ అయితే ఎంత పడుతుందో తెలియదు. అప్పుడు అనుకున్నదాంట్లో మూడింట రెండొంతులు మొదట కలపండి. తల వెనక భాగం, నడి పాపిడి అయ్యేసరికి సరిపోతుందో లేదో చేతికి తెలిసిపోతుంది. కావాలంటే అదే కొలతలో మరి కాస్త కలుపుకోవచ్చు. కలపడానికి రెండు నిమిషాలు పడుతుంది, ఆ రెండు నిమిషాలకు సరిపడా కలర్ మిగులుతుంది.

ఇప్పుడు నెలాఖరు లెక్కకు వద్దాం. ఒక్క షేడ్, అదే 4 నంబరు, 60 గ్రాముల ట్యూబు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూపిస్తాను. లెక్క అర్థం కావడానికని ఈ అంకెలు నేను వేసుకున్నవి. మీ అంకెలు వేరుగా ఉంటాయి, దారి మాత్రం ఇదే.

ఒకటో తారీకున అరలో విప్పని ట్యూబులు 14 ఉన్నాయి, విప్పినది ఒకటి ఉంది. విప్పిన ట్యూబును కాటా మీద పెడితే 47 చూపించింది. ఖాళీ ట్యూబు మూతతో సహా 12 ఉంటుందనుకోండి. ఇది ఒక్కసారి ఒక ట్యూబు కోసి, కడిగి, ఆరబెట్టి తూస్తే తెలుస్తుంది, ప్రతిసారీ అక్కర్లేదు. అంటే లోపల 35 గ్రాములు. మొత్తం 875 గ్రాములతో నెల మొదలైంది. మధ్యలో డీలర్ దగ్గర 12 ట్యూబులు కొన్నారు, అది 720. నెల చివర చూస్తే విప్పనివి 5, విప్పిన దాంట్లో 20 గ్రాములు. అంటే 320 మిగిలింది. 875కి 720 కలిపి 320 తీసేస్తే 1,275 గ్రాములు అరలోంచి వెళ్లిపోయింది. ప్యాడు మీద 31 మంది కస్టమర్లకు రాసినవన్నీ కూడితే 1,130 వచ్చింది. తేడా 145 గ్రాములు. దాదాపు రెండున్నర ట్యూబులు.

షీట్‌లో ఈ కూడికలు చేతితో చేయనక్కర్లేదు. వాడకం రాసే పేజీకి Usage అని పేరు పెట్టి, అందులో D గడిలో షేడ్, E గడిలో తీసిన గ్రాములు, F గడిలో బౌల్లో మిగిలినది ఎక్కించండి. స్టాక్ పేజీలో A గడిలో షేడ్, B మొదటి నిల్వ, C కొన్నది, F నెలాఖరున నిజంగా తూచినది. మిగిలిన మూడు గడులకు ఈ మూడు సూత్రాలు చాలు:

```
D2: =SUMIFS(Usage!E:E, Usage!D:D, A2)
E2: =B2+C2-D2
G2: =E2-F2
```

D వాడినట్టు రాసినది, E పుస్తకం ప్రకారం ఉండాల్సినది, G తేడా. మన ఉదాహరణలో E గడి 465 చూపిస్తుంది, అరలో 320 ఉంది, G లో 145 పడుతుంది. నెలకొక కొత్త ఫైలు తెరవండి, లేకపోతే పాత నెల వాడకం కూడా కూడికలో కలిసిపోతుంది.

ఇక్కడే చాలామంది ఓనర్ల మొహం మారుతుంది. 145 గ్రాములు! ట్యూబు ధర పన్నుతో కలిపి 360 అనుకుంటే గ్రాము 6 రూపాయలు. 870 రూపాయలు ఎవరో తినేశారని టెన్షన్. కాస్త ఆగి ఒక పని చేయండి. నెలంతా అయిపోయిన ట్యూబుల్ని చెత్తబుట్టలో వేయకుండా ఒక డబ్బాలో వేయించండి. నెల మొదట 15 ట్యూబులు, కొన్నవి 12, మొత్తం 27. చివర అరలో ఉన్నవి 6. అంటే డబ్బాలో ఖాళీవి 21 ఉండాలి. లెక్కపెడితే 21 ఉన్నాయి. అంటే నిండు ట్యూబు ఏదీ గుమ్మం దాటలేదన్నమాట. ఆ 21 ట్యూబుల్నీ కలిపి కాటా మీద పెట్టండి. 336 చూపిస్తుంది. ఒక్కోటి 16 గ్రాములు. నిజంగా ఖాళీ అయితే 12 ఉండాలి. అంటే ప్రతి ట్యూబులోనూ 4 గ్రాములు పిండకుండా వదిలేశారు. 21 ట్యూబులకు 84 గ్రాములు. తోక నుంచి చుట్టుకుంటూ పిండే తాళంచెవి లాంటి చిన్న సామాను ఒకటి దొరుకుతుంది. అది కొనిపెడితే ఈ 84లో చాలా భాగం వెనక్కి వస్తుంది.

ఇంకా 61 గ్రాములు తేలాలి. దీనికి గ్లౌజుల దగ్గరకు వెళ్లాలి. కలర్ బెంచీ దగ్గర గ్లౌజుల డబ్బా విడిగా పెట్టుకున్నవాళ్లకు ఇది సులువు. వ్యాక్సింగ్‌కు వాడేది వేరే డబ్బా. ఈ షేడ్ ఒక్కటే వాడే సెలూన్ అనుకుందాం, లెక్క తేలిగ్గా ఉంటుంది. కలర్ డబ్బాలోంచి 33 జతలు పోయాయి. చిరిగిపోయినవి ఒక జత అని గీత గీసి ఉంది. అంటే 32 సార్లు కలర్ వేశారు. ప్యాడు మీద 31 మందే ఉన్నారు. ఒక కస్టమర్‌ను రాయలేదు. బహుశా ఆదివారం రద్దీలో మర్చిపోయి ఉంటారు, లేదా స్టాఫ్‌లో ఎవరో తమ తలకు వేసుకుని ఉంటారు. సగటున 36 గ్రాములు తీసేస్తే ఇంకా మిగిలింది 25. నెలంతా గ్రాముకు అటూ ఇటూ చూపించే కాటాతో పాతిక గ్రాములు తేడా రావడం మామూలే. దాని జోలికి పోకండి.

స్టాఫ్ తమ తలకు వేసుకోవడం గురించి ఒక మాట. అది దొంగతనంగా చూడకండి. కలర్ వేసే అమ్మాయి తల బాగుంటేనే కస్టమర్ అడుగుతుంది. నెలకొకసారి అని చెప్పేసి, ‘స్టాఫ్’ అని ఒక కస్టమర్ నంబరు ఇచ్చేయండి. చాటుగా వేసుకునేది ప్యాడు మీదకు వస్తుంది.

ఇప్పుడు బౌల్ గడికి తిరిగి వద్దాం. మనిషి మీద అనుమానం వచ్చేంత తేడా అసలు ఎంత? ట్యూబుల్లో ఉండిపోయింది తీసేస్తే 61 గ్రాములు. 366 రూపాయలు. అదే నెలలో Usage పేజీలో F గడి అంతా కూడితే బౌళ్లలో మిగిలిన మిశ్రమం 430 గ్రాములు వచ్చిందనుకోండి. అందులో కలర్ 40 శాతం, అంటే 172. గోడలకు అంటుకునేది, బ్రష్షుకు పట్టేది ఎలాగూ పోతుంది. మనిషికి 5 గ్రాముల మిశ్రమం అలా వదిలేద్దాం. 31 మందికి 155, అందులో కలర్ 62. అది పోగా, కాస్త చూసి కలిపితే మిగిలేది 110 గ్రాముల కలర్. 660 రూపాయలు, డెవలపర్ వేరే. ఇదంతా దాపరికం లేకుండా, ఓనర్ కళ్ల ముందే, నీళ్లతో కడిగి సింకులో పోసింది. బీరువాకు తాళం వేసి, సింకును మాత్రం ఎవరూ చూడరు. ఒక్క షేడ్‌లోనే ఇంత ఉంటే, ఏడెనిమిది షేడ్లు నడిచే చోట ఎంతో మీరే వేసుకోండి.

అయితే ఒక హెచ్చరిక. మిగిలినది తక్కువ చూపించాలని స్టాఫ్‌ను ఒత్తిడి పెడితే వాళ్లు తక్కువ కలుపుతారు. తెల్ల వెంట్రుకల మీద పలచగా రాస్తారు. పది రోజులకు చెవుల దగ్గర తెల్లగా తేలిందని కస్టమర్ వెనక్కి వస్తుంది. అప్పుడు మళ్లీ ఉచితంగా వేయాలి. అందుకని ‘రీడూ’ అని ఒక పని పేరు షీట్‌లో పెట్టండి. బౌల్లో మిగిలింది తగ్గుతున్న నెలలోనే రీడూలు పెరుగుతుంటే మీ పొదుపు జుట్టు మీద చేస్తున్నారని అర్థం.

గ్లోబల్ కలర్ దగ్గర లెక్క వేరు. మన దగ్గర నడుము దాకా జడ ఉన్నవాళ్లు ఇంకా వస్తున్నారు. భుజాల దాకా ఉన్న తలకు ఒకటిన్నర ట్యూబు సరిపోయిన చోట, నడుము దాటిన ఒత్తు జుట్టుకు మూడు ట్యూబులు దాటిపోతాయి. బోర్డు మీద మాత్రం గ్లోబల్ అని ఒకటే రేటు రాసి ఉంటుంది. ఆరు నెలల షీట్ ఉంటే, భుజాలు, నడి వీపు, నడుము అని మూడు రకాలుగా సగటు గ్రాములు తీసి రేటు విడగొట్టవచ్చు. కస్టమర్ అడిగినా మీ దగ్గర చూపించడానికి కాగితం ఉంటుంది.

గ్రాము ధర వేసేటప్పుడు పన్ను మర్చిపోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి సెలూన్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. కానీ ఆ 5 శాతానికి ఇన్‌పుట్ క్రెడిట్ లేదు. అంటే డీలర్ బిల్లులో మీరు కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు, అదీ సరుకు ఖర్చే. పాత అలవాటులో పన్ను లేని ధర ఎక్కిస్తున్నవాళ్లు ఇప్పుడు మొత్తం ధర ఎక్కించాలి. అలాగే పదికి రెండు ఉచితం అని స్కీమ్ వస్తే పది ట్యూబుల డబ్బును పన్నెండుతో భాగించి ఒక్కోదాని ధర రాయండి. ఉచితం అని సున్నా వేస్తే ఆ రెండు ట్యూబులు వాడిన కస్టమర్ దగ్గర లాభం ఎక్కువైనట్టు అబద్ధం కనిపిస్తుంది. ఇంకో సంగతి, ఆ స్కీమ్‌లో ఎర్ర షేడ్లు అంటగడితే తీసుకోకండి. వరుసగా మూడు నెలలు వాడకం సున్నా ఉన్న షేడ్‌ను షీట్ మీద చూపించి, మార్చి ఇమ్మని డీలర్‌ను అడగండి. గడువు దగ్గర పడకముందే అడగాలి, తర్వాత ఎవరూ తీసుకోరు.

క్రీముల గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అక్కడ కలర్ అంత కచ్చితం కుదరదు. మసాజ్ క్రీము మనిషి మనిషికీ తూస్తూ కూర్చుంటే కస్టమర్ లేచి వెళ్లిపోతుంది. జార్‌ను వారానికోసారి తూచి, తగ్గిన గ్రాముల్ని ఆ వారం చేసిన ఫేషియళ్లతో భాగించండి. ముఖానికీ మెడకూ ఎనిమిది, పది గ్రాములు పడుతుంది. ఒక వారం హఠాత్తుగా 16 వచ్చిందంటే, జార్‌లో వేళ్లు ముంచి తీస్తున్నారన్నమాట. వేలితో తీస్తే ఎక్కువ వస్తుంది, జార్ కూడా పాడవుతుంది. స్పాచులాతో చిన్న గిన్నెలోకి తీసుకుని, ఆ గిన్నెలోంచి వాడాలి. జార్ విప్పిన రోజు మూత మీద మార్కర్‌తో తేదీ వేయండి. డబ్బా మీద మూత తెరిచిన జార్ బొమ్మ, అందులో 12M అనో 6M అనో ఉంటుంది. విప్పాక అన్ని నెలల్లో వాడేయాలని దాని అర్థం. గడువు తేదీ ఇంకా రెండేళ్లు ఉన్నా, విప్పిన జార్‌కు ఈ లెక్కే వర్తిస్తుంది.

డిస్పోజబుల్స్ దగ్గర మాత్రం నిలబడాలి. వీటిని అందరూ చిల్లర సామాను అనుకుంటారు. నెక్ స్ట్రిప్పులు, బెడ్ షీట్ రోలు, వ్యాక్స్ స్పాచులాలు, బ్లేడ్లు. కలర్ దగ్గర ఎక్కువ వాడితే కంగారు. ఇక్కడ తక్కువ వాడితేనే కంగారు పడాలి.

మగవాళ్ల సెక్షన్ ఉన్నవాళ్లకు ఒక ఉదాహరణ. గడ్డం పనులు నెలలో 112 జరిగాయని బిల్లులు చెబుతున్నాయి. బ్లేడు మధ్యకు విరిచి, ఒక మనిషికి సగం బ్లేడు వాడతారు. అంటే 56 బ్లేడ్లు పోవాలి. స్టాక్‌లో పోయినవి 38. పొదుపు చేశారని సంతోషించేవాళ్లు ఉంటారు. 38 బ్లేడ్లంటే 76 సగాలు. 112 మందిలో 36 మందికి ఇంకొకరి మీద వాడిన బ్లేడే వాడారు. హెపటైటిస్ బి, సి రక్తం ద్వారా పాకే జబ్బులు, గడ్డం గీసేటప్పుడు కంటికి కనిపించనంత గాటు పడినా చాలు. ఒక బ్లేడు ఖరీదు ఎంతో మీకు తెలుసు. ఆ డబ్బు కోసం ఎవరూ ఇలా చేయరు. బ్లేడు మార్చడానికి బద్ధకం, లేదా పెట్టె లోపల గదిలో ఉంటుంది. పెట్టెను కుర్చీ పక్కకు తెచ్చి, వాడినవి వేయడానికి మూత ఉన్న గట్టి డబ్బా పెడితే చాలావరకు సర్దుకుంటుంది. ఆ డబ్బాలో సగాలు లెక్కపెట్టనక్కర్లేదు, లెక్కపెట్టకండి కూడా, చెయ్యి తెగుతుంది. కొత్త పెట్టెల లెక్క చాలు.

వ్యాక్స్ స్పాచులాలకూ ఇదే పరీక్ష. ఒంటికి ముట్టిన స్పాచులాను మళ్లీ డబ్బాలో ముంచకూడదన్నది పద్ధతి. రెండు చేతులు వ్యాక్సింగ్ చేస్తే ఒక్క స్పాచులా ఖర్చయినట్టు లెక్క తేలితే, ఆ ఒక్కటే పదిసార్లు ముంచారని అర్థం. అప్పుడు డబ్బా మొత్తం అనుమానమే. కాబట్టి డిస్పోజబుల్స్ పేజీలో రెండు రంగులు పెట్టండి. ఉండాల్సినదానికంటే ఎక్కువ పోతే పసుపు, తక్కువ పోతే ఎరుపు. ఎరుపు కనిపించిన రోజు ఆ బెంచీ దగ్గర నిలబడి పని చూడండి.

కస్టమర్ కార్డు గురించి చివరగా. షేడ్, కొలత, పట్టిన గ్రాములతో పాటు ప్యాచ్ టెస్ట్ చేసిన తేదీ అందులో ఉండాలి. 48 గంటల ముందు చెవి వెనక చేసి చూసేది. చాలామంది ఎప్పుడో ఒకసారి చేశాం కదా అంటారు. బ్రాండు మారితే మళ్లీ చేయాలి. ఏ బ్రాండుకు చేశారో కూడా కార్డులో రాసి ఉంటేనే అది పనికొస్తుంది. స్టాఫ్ చూసే ప్యాడు మీద మాత్రం పేరు, ఫోన్ వద్దు, నంబరు చాలు. అమ్మాయి మానేసి పక్క వీధిలో చేరినప్పుడు ప్యాడు ఫోటోతో మీ కస్టమర్లను పిలుచుకుపోకుండా ఉంటుంది.

ఇక మీరు ఏమైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక మహిళ: సార్, మాది ఇంట్లోనే చిన్న పార్లర్. నేనూ మా చెల్లెలూ ఇద్దరమే చేస్తాం. ఇంత లెక్క మాకు అవసరమా?)

మొత్తం అక్కర్లేదమ్మా. ఇద్దరే అయితే తేడా ఎవరిదో వెతకాల్సిన పని లేదు, నెలాఖరు తూకాలు మూణ్ణెల్లకోసారి చేసుకున్నా చాలు. కాటా మాత్రం కొనండి. తీసిన గ్రాములు, బౌల్లో మిగిలింది, ఈ రెండే ఒక నోటుబుక్కులో కస్టమర్‌కొక పేజీ పెట్టి రాసుకోండి. కంప్యూటర్ వద్దు. మళ్లీ వచ్చినప్పుడు ఆ పేజీ తీసి కలపండి. చిన్న పార్లర్‌లో వచ్చేవాళ్లంతా తెలిసినవాళ్లే కాబట్టి మీకు రెండో నెలకే తేడా కనిపిస్తుంది. పెద్ద సెలూన్ వాళ్లకు అంత తొందరగా కనిపించదు, రోజూ కొత్త మొహాలే కదా. ఇంకొకటి, ఇంట్లో కాబట్టి చెబుతున్నా, విప్పిన ట్యూబు మూత గట్టిగా పెట్టి, గాలి లేకుండా తోక చుట్టి, ఎండ తగలని చోట పెట్టండి. వంటింటి అర వద్దు, వేడికి కలర్ చెడుతుంది.

(ఇంకొక మహిళ: కొంతమంది కలర్ ప్యాకెట్ వాళ్లే తెచ్చుకుంటారు, వేసే కూలీ మాత్రం ఇస్తామంటారు. అది షీట్‌లో ఎలా రాయాలండీ?)

మంచి ప్రశ్న. ఆ వరుస తప్పకుండా రాయాలి. షేడ్ గడిలో ‘సొంతం’ అని పెట్టి, గ్రాముల గడిలో సున్నా వేయండి. ప్యాకెట్ మీద ఏ పేరు ఉందో కార్డులో రాసుకోండి. రేపు దురద వస్తే మీరేం వేశారని అడుగుతారు. ప్యాచ్ టెస్ట్ చేసుకున్నారా అని అడిగి, ఆ జవాబు కూడా రాయండి. గ్లౌజులు, నెక్ స్ట్రిప్పు, తర్వాత తల కడగడానికి పట్టిన షాంపూ మీ సరుకే. కూలీలో అవి కలిపే అడగండి. ఆ వరుస రాయకపోతే ఇందాక చెప్పిన గ్లౌజుల లెక్కలో ఒక జత ఎక్కువ పోయినట్టు వస్తుంది. ఎవరో రాయకుండా కలర్ వేశారని మీరు మళ్లీ వెతుక్కుంటారు.